పన్నెండులో ఏడు పేజీలు

మెయిలు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఆ విషయంలో జనెల్ టేవ్స్‌ని ఎవరూ వేలెత్తి చూపలేరు. మిగతా విషయాల్లో చూపొచ్చు, చూపించారు కూడా, ఆ ముచ్చట తర్వాత చెప్పుకుందాం.

బుధవారం పొద్దున్న తొమ్మిదిన్నర. కెనడాలోని విన్నిపెగ్‌లో ఏప్రిల్ మొదటివారం, అంటే పార్కింగు స్థలాల్లో మంచుగుట్టలు నల్లబడి, పోనా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్న రోజులు. లైబ్రరీ కింద క్యాంటీన్లో జనెల్ లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. ఎదురుగా ఆమెతో గది పంచుకునే మారిసెల్, నర్సింగ్ చదివే పిల్ల, వాళ్ళమ్మ కట్టిచ్చిన లుంపియాలు, అంటే లోపల కూరపెట్టి చుట్టి వేయించినవి, ఒక్కోటీ నోట్లో వేసుకుంటోంది.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి డాక్టర్ ఓరెస్ట్ సావ్‌చుక్ గారి చరిత్ర తరగతికి పన్నెండు పేజీల పరిశోధన వ్యాసం ఇవ్వాలి. మొత్తం మార్కుల్లో నలభై శాతం దానిదే. ఆలస్యమైతే రోజుకి ఐదు శాతం కోత. జనెల్ దగ్గర ఉన్నది శీర్షిక, దాని కింద తన పేరు, దాని కింద మిణుకుమిణుకుమంటున్న గీత.

ఇది ఆఖరి కోర్సు. ఇది గట్టెక్కితే జూన్‌లో డిగ్రీ, సెప్టెంబరులో టీచరు చదువులో సీటు. సీటు వచ్చేసింది, కానీ డిగ్రీ చేతికొస్తేనే అని షరతు పెట్టి మరీ ఇచ్చారు. స్టైన్‌బాక్‌లో క్షౌరశాల నడిపే వాళ్ళమ్మ ఆ షరతు సంగతి వదిలేసి మిగతాదంతా జుట్టు కత్తిరించుకోడానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేసింది. సగం ఊరు జనెల్‌ని అప్పుడే టీచరమ్మా అని పిలుస్తోంది.

సావ్‌చుక్ గారు గడువు పొడిగించనని ఎప్పుడూ అనలేదు. కోర్సు మొదటిరోజు ఇచ్చిన కాగితంలో మూడో పేజీలో ఆయన నియమం అచ్చులోనే ఉంది:

"గడువు కావాలంటే నలభై ఎనిమిది గంటల ముందు ఒకే ఒక్క మెయిలు రాయండి. కోర్సు నంబరు, మీ విద్యార్థి నంబరు, ఇప్పటిదాకా ఏమయింది, ఇంకా ఏం మిగిలింది, ఏ రోజుకి ఇస్తారు. ఇంతే. డాక్టరు చీటీ వద్దు. మీ అమ్మమ్మగారి ఆరోగ్యం అసలే వద్దు. ముప్ఫై ఏళ్ళుగా నా తరగతి మూలంగా పోయిన అమ్మమ్మల్ని లెక్కేస్తే నాకు రాత్రిళ్ళు నిద్రపట్టదు."

జనెల్ ఆ నియమాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కా పేర్చింది. మారిసెల్ కుర్చీ తిప్పుకుని పైకి చదివింది.

"గౌరవనీయులైన డాక్టర్ సావ్‌చుక్ గారికి, నేను చరిత్ర 3880 తరగతిలో విద్యార్థినిని, నా విద్యార్థి నంబరు కింద ఇచ్చాను. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఇవ్వాల్సిన వ్యాసానికి మంగళవారం సాయంత్రం నాలుగింటిదాకా గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇప్పటికి పన్నెండులో ఏడు పేజీలు పూర్తయ్యాయి. రాష్ట్ర దస్తావేజుల కార్యాలయంలో మూడు పెట్టెలూ చదివాను. చివరి భాగం, ముగింపు, మూలాల జాబితా మిగిలాయి. వీలుకాకపోతే శుక్రవారానికే ఉన్నంతలో ఇస్తాను. మీ సమయానికి కృతజ్ఞతలు." చదివి మారిసెల్ ఈల వేసింది. "తల్లీ, ఇది చూస్తే నాకే గడువు ఇచ్చెయ్యాలనిపిస్తోంది. సరేగానీ, ఆ ఏడు పేజీలు ఎక్కడున్నాయే?"

"ఎక్కడా లేవు."

"మరి ఏడెందుకు?"

"ఐదంటే సగం కూడా కాలేదేం అంటారు. తొమ్మిదంటే ఆ మిగిలిన మూడూ ఇవాళే రాసెయ్ అంటారు. ఏడైతే మర్యాదగా ఉంటుంది."

"ఓసి నీ దుంపతెగ! అబద్ధానికి కూడా కొలతలు తీశావా!"

జనెల్ నవ్వి పంపే మీట నొక్కేసింది. మూడు పెట్టెలు చదివిన మాట నిజం. మూడు వారాలు పెన్సిలు పట్టుకుని (అక్కడ పెన్ను లోపలికి రానివ్వరు) రెండు నోటుబుక్కులు నింపింది. కానీ రాయడానికి కూర్చునేసరికి చెయ్యి పడిపోయేది. కిందటి టర్ములో ఇంకో మేష్టారు ఆమె వ్యాసం మొదటి పేజీ మీద ఎర్రసిరాతో "ఇది సారాంశం, వ్యాసం కాదు" అని రాసి కోర్సు తప్పించాడు. అప్పట్నుంచీ ఖాళీ పేజీ తెరిస్తే చాలు, ఆ ఎర్ర అక్షరాలే కనిపించేవి. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. సిగ్గేసింది.

ఆరంటే ఆరు నిమిషాల్లో జవాబొచ్చింది.

"జనెల్, ఈ టర్ములో నాకొచ్చిన మెయిళ్ళలో ఇంత పద్ధతైనది ఇదే. మంగళవారం నాలుగింటిదాకా సరే. ఆ ఏడు పేజీలూ ఎలా ఉన్నవి అలా ఈ మధ్యాహ్నం పన్నెండులోపు పంపు. మార్కులెయ్యను, దారి సరిగ్గా ఉందా లేదా చూస్తానంతే. ఓ. సా."

మొదటి రెండు వాక్యాలకి జనెల్ మొహం వెలిగింది. తర్వాతి వాక్యానికి ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"చచ్చాన్రా దేవుడా," అంది.

మారిసెల్ వంగి చదివి, లుంపియా గొంతుకడ్డం పడి దగ్గి, దగ్గులోంచి నవ్వుతూనే ఉండిపోయింది. "అంత వివరంగా రాయమని నీకెవరు చెప్పారే? ఏదో కొంత అయింది అంటే పోయేదిగా!"

"ఏమయిందో చెప్పమని ఆయనే అడిగాడు కదే!"

"అడిగాడు. నువ్వు చెప్పావు. ఇప్పుడు చూపించమంటున్నాడు. పాపం, ఆయన తప్పేముంది ఇందులో?"

పదీ ఐదు నుంచి పదకొండూ పది దాకా జనెల్ ఏడు పేజీలు రాయడానికి ప్రయత్నించింది. రెండు వాక్యాలొచ్చాయి. రెండోది మొదటిదాన్నే తిప్పి చెప్పింది. రెండూ కొట్టేసింది. నిజం రాసెయ్యొచ్చు కదా అనిపించింది ఒక్కసారి, కానీ గంట కిందటే "ఇంత పద్ధతైనది" అన్న మనిషికి అదంతా వట్టిదేనండీ అని ఎలా రాస్తాం? అభిమానం అడ్డొచ్చింది.

"ఒక పని చెయ్," అంది మారిసెల్ పదకొండున్నరకి. "మా బ్యాచిలో అందరూ చేసేదే. ఏదో ఒక ఫోటో తీసుకో, ఫైలు పేరు చివరుండే అక్షరాలు మార్చేసి వ్యాసం ఫైల్లాగా చేసి పంపు. ఆయన తెరవబోతాడు, పాడైందని కంప్యూటరు అంటుంది. రేపు మళ్ళీ పంపమంటాడు. ఒక రోజు కలిసొస్తుంది."

"అది మోసం కాదూ?"

"ఏడు పేజీలు ఏమిటి మరి, పూజా?"

జనెల్ ఫోన్లో పైన కనిపించిన ఫోటో తీసుకుంది. వాళ్ళమ్మ పెంచే పిల్లి రోలీ, నారింజ రంగుది, సోఫా మీద పొట్ట పైకి పెట్టి పడుకున్నది. పేరు మార్చింది. "టేవ్స్, వ్యాసం, ఏడు పేజీలు" అని పెట్టి పదకొండూ యాభై రెండుకి పంపేసింది. ఒక్క క్షణం ఎంతో తెలివైన పని చేసినట్టు కూడా అనిపించింది, ఏం చెప్పమంటారు!

పన్నెండూ ఇరవైకి జవాబు.

"జనెల్, నీ ఏడు పేజీలు చూశాను. నారింజ రంగులో, సోఫా మీద, వెల్లకిలా పడుకుని ఉన్నాయి. రెండున్నరకి నా గదికి రా. కంప్యూటరు తెచ్చుకో. ఓ. సా."

ఈసారి మారిసెల్ కూడా నవ్వలేదు. "మా బ్యాచిలో ఎవరికీ ఇలా కాలేదే," అని గొణిగి, చివరి లుంపియాని జనెల్ వైపు జరిపింది. జనెల్ ముట్టుకోలేదు.

చరిత్ర విభాగం నాలుగో అంతస్తు. సావ్‌చుక్ గారి గది తలుపు మీద ఎప్పుడో అయిపోయిన సభల పోస్టర్లు. లోపల పుస్తకాలు ఎక్కడపడితే అక్కడ, కుర్చీ మీద ఆరేసిన తడి మేజోళ్ళు. ఆయనకి అరవై దాటాయి, మీసాలు మూతిని మింగేశాయి.

"మేజోళ్ళు తీసేసి కూర్చో," అన్నాడు. జనెల్ తీసి గది వేడిచేసే రేడియేటరు మీద వేసి కూర్చుంది. ఆమే మొదలుపెట్టింది.

"ఎలా తెలిసింది, ప్రొఫెసర్?"

"ప్రతి ఏప్రిల్లోనూ నలుగురు పంపుతారమ్మా. పేరు చివర ఉన్నది మార్చి చూడటం మా అమ్మాయి నేర్పింది. కిందటేడు ఒకడు వాళ్ళ నాన్న పడవ పంపాడు. దానికంటే పిల్లి నయం." మీసాలు కదిలాయి, నవ్వో కాదో తెలియలేదు. "పిల్లి పేరేంటి?"

"రోలీ."

"నిజంగా ఎన్ని పేజీలు రాశావు?"

"ఒక్కటీ లేదు."

"ఊఁ. పిల్లికి మార్కుల్లేవు గనక పిల్లి మీద కేసు పెట్టడానికి లేదు. చిత్తుప్రతిగానే అడిగాను, బతికిపోయావు. అదే అసలు వ్యాసం పేరుతో పంపి ఉంటే ఈ పాటికి డీన్ గారి ఆఫీసుకి కాగితం పోయేది. అర్థమైందా?"

"అయింది. క్షమించండి."

"ఆ మంగళవారం గడువు మాత్రం రద్దు. అది పన్నెండులో ఏడు రాసిన అమ్మాయికి ఇచ్చాను. ఆ అమ్మాయి ఈ గదిలో లేదు."

అయిపోయింది అనుకుంది జనెల్. శుక్రవారానికి పన్నెండు పేజీలు ఎలాగూ రావు, కోర్సు పోయింది, డిగ్రీ పోయింది. స్టైన్‌బాక్‌లో వాళ్ళమ్మ ఒక్కొక్కరి తల దువ్వుతూ ఒక్కొక్కరికీ మళ్ళీ చెప్పుకోవాలి, మా అమ్మాయి టీచరు కాలేదండీ అని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఛీ, ఈయన ముందా, అనుకుని స్వెటరు చేతితో తుడుచుకుంది.

"ఏడవకు. ఏడిస్తే నియమాలు మారవు," అన్నాడు సావ్‌చుక్, కానీ రుమాళ్ళ డబ్బా తోశాడు. గోడ గడియారం చూపించాడు. మూడుకి పది తక్కువ. "నా నియమం నీకు బాగా తెలుసు, పొద్దున్న చూశాను. నలభై ఎనిమిది గంటల ముందు అని కదా. శుక్రవారం నాలుగింటికి నలభై ఎనిమిది గంటల ముందంటే ఎప్పుడు?"

"ఇవాళ నాలుగింటికి."

"ఇంకా గంటా పది నిమిషాలుంది. ఈ గదిలో ఉన్న అమ్మాయి అడగదలుచుకుంటే అడగొచ్చు. అదే నియమం. ఏమయింది, ఏం మిగిలింది, ఏ రోజుకి. నాకు చెప్పకు, రాయి. వరండాలో కూర్చుని రాయి, నాకు ఇక్కడ వేరే వాళ్ళ పిల్లులున్నాయి దిద్దుకోడానికి."

వరండాలో గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని జనెల్ మెయిలు తెరిచింది. "గౌరవనీయులైన" దాకా చకచకా వచ్చింది. "ఇప్పటికి పన్నెండులో" అని ఆగింది. "సున్నా పేజీలు పూర్తయ్యాయి" అని కొట్టింది. ఆ సున్నా మరీ ఒంటరిగా, దిక్కులేనిదానిలా ఉంది. ఇంకేదైనా అయిందా అసలు? సంచీలోంచి నోటుబుక్కులు తీసింది. అయిందేదో అదే రాద్దాం, ఇంకేముంది పోయేది, అనుకుంది.

ఆమె చదివినవి ఉత్తర విన్నిపెగ్‌లో ఒకప్పుడున్న ఓ ఆడవాళ్ళ కర్లింగ్ క్లబ్బు చిట్టా పుస్తకాలు. నున్నటి మంచు మీద బరువైన రాయిని జారవిడిచి, దాని ముందు ఇద్దరు చీపుర్లతో ఊడ్చుకుంటూ పరిగెత్తే ఆట అది. ఆటకి నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. జనెల్ రాసింది:

"నలభై ఒక్క ఏళ్ళ సమావేశాల చిట్టాలు చదివాను. ఆ ఆడవాళ్ళకి పగలు మాత్రమే ఆడటానికి మంచు ఇచ్చేవాళ్ళు, సాయంత్రాలు మగవాళ్ళవి. పగలు పని చేసుకునే ఆడవాళ్ళు ఆడేదెప్పుడు? అందుకని సాయంత్రం గంటలు పెంచమని మగవాళ్ళ కమిటీకి ప్రతి ఏడూ ఒక మర్యాదైన ఉత్తరం రాయాలని తీర్మానించేవారు. పందొమ్మిదేళ్ళు పందొమ్మిది ఉత్తరాలు. అన్నిటికీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉంది అని. ఆ పందొమ్మిదేళ్ళూ మగవాళ్ళ పోటీలకి శాండ్‌విచ్‌లు చేసింది వీళ్ళే. ఎన్ని చేశారో కూడా కార్యదర్శి రాసిపెట్టింది. మొదట్లో అది గొప్పకి రాసిందనుకున్నాను. నాలుగేళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూశాక, కాదు, దాచిపెట్టుకుంటోందని అర్థమైంది. ఇరవయ్యో ఏడు ఉత్తరంలో ఆ అంకె రాశారు. కింద ఒక వాక్యం: వచ్చే శనివారం నుంచి ఇవి ఉండవు. పదకొండు రోజుల్లో మంగళ, గురువారాల సాయంత్రాలు వీళ్ళకిచ్చేశారు. మర్యాద వల్ల గంటలు రాలేదని నా అనుమానం. తాము అప్పటికే ఏం చేశారో తేల్చి చెప్పినరోజు వచ్చాయి. చిట్టాలో ఆ కార్యదర్శి పేరు ఎక్కడా పూర్తిగా లేదు, శ్రీమతి ఫలానా అని భర్త పేరే ఉంది. ఆమె సొంత పేరు వెతకడం ఇంకా మిగిలింది."

రాస్తూ రాస్తూ జనెల్‌కి ఒళ్ళు మండిపోయింది. పందొమ్మిదేళ్ళు పరిశీలనలో ఉందంటారా, వీళ్ళ మొహాలు మండా! ఆ కోపంలో ఎర్ర అక్షరాలు గుర్తుకు రాలేదు. కీబోర్డు టకటకలాడుతుంటే పక్కగదిలోంచి ఎవరో తలుపు కూడా వేసుకున్నారు. చివర్లో రాసింది: "పేజీలు సున్నా. పొద్దున్న ఏడని రాసింది అబద్ధం, పిల్లి ఇంకా పెద్ద అబద్ధం. కిందటిసారి నా వ్యాసాన్ని సారాంశం అన్నారు, అప్పట్నుంచీ మొదలుపెట్టాలంటే భయంగా ఉంది. పన్నెండు పేజీలకి మంగళవారం చాలదు. వచ్చే గురువారం సాయంత్రం నాలుగింటిదాకా కావాలి."

నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువగా పంపింది. లోపల ఆయన కంప్యూటరు టింగుమంది. రెండు నిమిషాలకి గట్టిగా ఫెళ్ళుమని నవ్వు వినిపించింది. శాండ్‌విచ్‌ల దగ్గరేమో.

"లోపలికి రా," అన్నాడు.

వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"ఇది ఎన్ని పేజీలుంటుందంటావు, ఆ గౌరవనీయులూ కృతజ్ఞతలూ తీసేస్తే?"

జనెల్ మనసులో లెక్కేసింది. "ఒకటిన్నర."

"మరి సున్నా అని రాశావేం? పొద్దున్న లేనివి ఏడున్నాయన్నావు, ఇప్పుడున్నవి లేవంటున్నావు. చరిత్ర చదివే పిల్లవి, అంకెల దగ్గర ఇంత అన్యాయమా?"

జనెల్‌కి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక లాప్‌టాప్ తెరిచి ఆ మెయిలు మళ్ళీ ఒకసారి చూసుకుంది.

"ఇది సారాంశమా, ప్రొఫెసర్?" అంది, గొంతు చిన్నగా చేసుకుని. నాలుగు నెలలుగా అడగాలనుకుని అడగలేని ప్రశ్న అది.

"సారాంశమైతే 'నా అనుమానం' అని ఎందుకుంటుందమ్మా? నీకో అనుమానముంది. దానికి మూడు పెట్టెల సాక్ష్యముంది. ఇంకేం కావాలి నీకు, బాజాభజంత్రీలా? దీన్ని ఒక ఫైల్లోకి ఎక్కించి నాలుగులోపు పంపు. నాకు చిత్తుప్రతి బాకీ ఉన్నావు. జవాబు మెయిల్లోనే ఇస్తాను, అది నా నియమం. ఆ మేజోళ్ళు ఆరాయేమో ఇటు పడెయ్."

జనెల్ మేజోళ్ళు అందించి, అక్కడే నిలబడి ఫైలు చేసి, నాలుగుకి రెండు నిమిషాలు తక్కువగా పంపేసింది. మెట్లు దిగుతుంటే మారిసెల్ నుంచి సందేశం: "బతికున్నావా? అంత్యక్రియలకి ఏం వండాలి?" జనెల్ జవాబు కొట్టబోతుంటే పైనుంచి ఇంకో మెయిలు జారింది. మెట్టు మీదే కూర్చుని చదివింది.

"జనెల్, మర్యాదగా, వివరంగా అడిగినందుకు కృతజ్ఞతలు. వచ్చే గురువారం సాయంత్రం నాలుగింటిదాకా గడువు ఇస్తున్నాను. పిల్లికి ఐదు శాతం కోత, అందులో బేరం లేదు. పదిన్నర పేజీలు మిగిలాయి. ఆ కార్యదర్శి సొంత పేరు కనిపెట్టకుండా మాత్రం నా గది గుమ్మం తొక్కకు. ఓ. సా.

తా.క. ఫైలు తెరుచుకుంది."